పేరు తెలియని వారికి ఉత్తరం: ‘అయ్యా’కు బదులు ఏం రాయాలి?

ముక్కూ మొహం తెలియని మనిషికి మెయిల్ రాయడానికి కూర్చున్నప్పుడు చేయి ఆగేది విషయం దగ్గర కాదు, మొదటి వరుస దగ్గర. చెప్పాల్సిందంతా మనసులో సిద్ధంగానే ఉంటుంది. కానీ అవతల చదివేది ఎవరో తెలీదు. పేరు తెలీదు, ఆడో మగో తెలీదు, వయసు తెలీదు. ‘సర్’ అని మొదలుపెడితే, చదివేది ఆవిడైతే? ‘సర్/మేడమ్’ అని మధ్యలో గీత పెడితే ఫారం నింపినట్టు ఉంటుంది. ‘సంబంధిత అధికారికి’ అంటే నోటీసులా ఉంటుంది. చివరికి చాలామంది ఏమీ రాయకుండా నేరుగా విషయంలోకి దూకేస్తారు. తలుపు తట్టకుండా గదిలోకి వచ్చినట్టు ఉంటుంది అది.

ఈ టెన్షన్‌లో పడి మనం గమనించని సంగతి ఒకటుంది. మొదటి వరుస దాటాక, చదివేవారు ఆడా మగా అని తెలుగు దాదాపుగా అడగదు. ‘మీరు పంపారు’, ‘మీరు చూశారా’, ‘మీకు వీలైతే చెప్పండి’ అన్నప్పుడు ఆ మాటలు ఎవరికైనా ఒకటే. హిందీలో రాసేవారికి ఈ వెసులుబాటు లేదు. ‘ఆప్ కైసే హైఁ’ అంటే మగవారిని అడిగినట్టు, ‘ఆప్ కైసీ హైఁ’ అంటే ఆడవారిని అడిగినట్టు. కుశలం అడగడానికే అక్కడ ఎదుటి మనిషి ఎవరో తేల్చుకోవాలి. ‘మీరు ఎలా ఉన్నారు’ అనడానికి తెలుగువారు ఏమీ తేల్చుకోనక్కర్లేదు.

కారణం మన క్రియల చివర ఉంది. ఏకవచనంలో మూడో మనిషి గురించి చెప్పేటప్పుడు మగవారికి ‘వచ్చాడు’, మిగతా అందరికీ, అన్నిటికీ ‘వచ్చింది’. ఇక్కడ తేడా గట్టిగా కనిపిస్తుంది. బహువచనంలోకి రాగానే ఆ గీత చెరిగిపోయి వేరే గీత పడుతుంది. మనుషులైతే ‘వచ్చారు’, మనుషులు కానివైతే ‘వచ్చాయి’. అంటే ‘-రు’ దగ్గర భాష చూసేది అవతల ఉన్నది మనుషులా కాదా అన్నంతవరకే. ఒక్క మనిషినే గౌరవంగా పిలవాల్సి వచ్చినప్పుడు మనం వాడేది కూడా ఈ బహువచనాన్నే. మీరు, వారు, గారు, ఎవరు, ఒకరు, కొత్తవారు, పెద్దవారు అన్నీ ఈ కోవలోవే. గౌరవం ఇవ్వగానే ఆడా మగా అన్న ప్రశ్న దానంతటదే పక్కకు తప్పుకుంటుంది. ఆడ, మగ అనే రెండు గడుల్లోనూ తమను చూసుకోనివారికి కూడా ‘-రు’లో చోటుంది. ‘శ్రీ/శ్రీమతి’ అనే గీతలో వారికి చోటు లేదు.

మరి చిక్కంతా ఎక్కడుంది? ఉత్తరంలో రెండు మూడు చోట్ల మాత్రమే. పైన పిలుపు, కింద సంతకం, మధ్యలో ఎక్కడైనా మూడో మనిషి ప్రస్తావన. వీటిలో పిలుపే అసలు చిక్కు.

అర్జీల్లో, దరఖాస్తుల్లో ‘అయ్యా’ అనీ ‘ఆర్యా’ అనీ రాయడం మనకు బడిలోనే అలవాటైంది. ఇంగ్లీషు ఉత్తరంలో ‘సర్’ ఉండే చోట, అదే కామాతో, ఇవి కూర్చుంటాయి. అక్కడ ‘సర్’ ఉండడానికి ఒక పాత నమ్మకం దన్నుగా ఉంది. మగవారిని సూచించే మాట అందరికీ వర్తిస్తుందన్నది ఆ నమ్మకం. చట్టాల్లో మగవారిని సూచించే మాటలు ఆడవారికీ వర్తిస్తాయని బ్రిటన్ పార్లమెంటు 1850లో ఏకంగా చట్టమే చేసింది. చట్టం చదివే న్యాయమూర్తికి ఆ సూత్రం పనికొస్తుంది. ఉదయాన్నే మెయిల్ తెరిచి, ముప్ఫయ్యోసారి ‘అయ్యా’ అనిపించుకున్న ఉద్యోగినికి ఆ సూత్రంతో పని లేదు. తన కుర్చీలో మగవారు ఉంటారని రాసినవారు అనుకున్నారన్నదే ఆమెకు అందే మొదటి కబురు. ఆమె కోపగించుకోకపోవచ్చు. ఏళ్ల తరబడి అలవాటైపోయి ఉండొచ్చు కూడా. అలవాటైనంత మాత్రాన అది ఆమెను పిలిచినట్టు కాదు.

‘అయ్యా/అమ్మా’ అని రెండూ రాయడం దీనికి మందు అనుకుంటారు. అర్జీ నమూనా అలాగే ఉండాలని ముందే చెప్పిన చోట రాయక తప్పదు, అందులో తప్పూ లేదు. మామూలు ఉత్తరంలో మాత్రం ఆ గీత చెడ్డపేరు తెస్తుంది. ‘వర్తించనిది కొట్టివేయండి’ అని ఫారాల కింద ఉంటుంది కదా, కొట్టివేయడం మరిచిపోయిన ఫారంలా కనిపిస్తుంది ఉత్తరం. ఒకే ఉత్తరాన్ని వందమందికి పంపుతున్నారన్న అనుమానం కూడా చదివేవారికి కలుగుతుంది.

ఇక ‘ప్రియమైన’ అన్న మాట. ఇంగ్లీషులో ‘డియర్’ ఎప్పుడో అరిగిపోయింది, అప్పు కట్టమని హెచ్చరించే ఉత్తరం కూడా దానితోనే మొదలవుతుంది. తెలుగు ‘ప్రియమైన’ ఇంకా అరగలేదు. అందులో నిజమైన ఇష్టం మిగిలి ఉంది. అందుకే పేరు కూడా తెలియని అధికారిని ‘ప్రియమైన అధికారి గారూ’ అంటే ఎక్కడో ఎబ్బెట్టుగా ఉంటుంది. ‘ప్రియమైన కస్టమర్’ అని ఫోన్‌కు వచ్చే మెసేజ్‌లు ఆ మాటను మరింత పాడుచేశాయి. ‘మిత్రులారా’, ‘పాఠకులారా’ అనే ‘-లారా’ పిలుపుల్లో ఆడామగా తేడా లేకపోయినా వేరే ఇబ్బంది ఉంది. అవి వేదిక మీంచి జనాన్ని పిలిచే మాటలు. ఒంటరిగా కూర్చుని చదివే ఒక మనిషికి ఆ పిలుపు అందదు.

పాత తెలుగు ఉత్తరాల్లో ఉన్న మర్యాదలు తిరిగి తెచ్చుకుందామా అంటే, అవి ఈ సందర్భానికి అసలు సరిపడవు. పెద్దమనిషికైతే ‘మ.రా.రా.శ్రీ’, అంటే మహారాజరాజశ్రీ. చిన్నవారికైతే ‘చిరంజీవి’. పెళ్లయిన చిన్న వయసు ఆడవారికైతే ‘చి.ల.సౌ.’, అంటే చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి. ఆ రెండు మూడు అక్షరాలు రాయాలంటే అవతలివారి వయసు, ఆడా మగా, పెళ్లయిందా, భర్త ఉన్నారా అన్నీ తెలిసి ఉండాలి. అవి తెలిసినవారి మధ్య నడిచే మర్యాదలు. ‘శ్రీమతి’, ‘కుమారి’ ఆ వరుసలో మిగిలిన చివరి మాటలు. ఇంగ్లీషువారికీ ఇదే బాధ ఉండేది. పెళ్లి సంగతి అడగకుండా ఆడవారిని పిలిచేందుకు ‘మిజ్’ అనే మాట వాడొచ్చని అమెరికాలో ఒక పత్రిక 1901లోనే సూచించింది. అది జనంలో పాతుకోవడానికి డెబ్బై ఏళ్లు పట్టింది. మనకు అలా కొత్త మాట పుట్టించాల్సిన అవసరం లేకపోయింది, ‘గారు’ ముందే ఉంది కాబట్టి.

అయితే ఆ పాత ఉత్తరాల నుంచి ఇప్పటికీ తీసుకోదగ్గది ఒకటుంది. అవి మనిషిని ‘ఓ ఫలానా’ అని కేక వేసి మొదలయ్యేవి కావు. ‘ఫలానా గారికి, నమస్కారములు’ అని మొదలయ్యేవి. అంటే పైన ఉండేది పిలుపు కాదు, చేరాల్సిన చోటు. ‘-కి’ అన్న ఆ ఒక్క అక్షరం చాలా పని చేస్తుంది. పిలవాలంటే అయ్యా అనో అమ్మా అనో ఏదో ఒకటి ఎంచుకోవాలి. ‘-కి’ అని చేరవేయాలంటే పేరో హోదానో విభాగమో, ఏదున్నా సరిపోతుంది. ‘మేనేజర్ గారికి’, ‘సంపాదకులకు’, ‘పరీక్షల విభాగం వారికి’ అంటే చాలు. తర్వాతి వరుసలో ‘నమస్కారం’ అంటే మర్యాద పూర్తయింది. రాసినవారు ఏమీ ఊహించలేదు, చదివేవారికి ఏమీ తగ్గలేదు.

హోదా పేరు రాసేటప్పుడు ఒక్క జాగ్రత్త కావాలి. ‘సంపాదకుడు’, ‘అధ్యక్షుడు’, ‘నిర్వాహకుడు’ లాంటి మాటల చివర ‘-డు’ ఉంది, వాటికి జంటగా ‘-రాలు’ ఉంది. ఆ రెండింటినీ వదిలి ‘-లు’ పట్టుకోవాలి. సంపాదకులు, అధ్యక్షులు, నిర్వాహకులు, ప్రధానోపాధ్యాయులు. ‘గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులు గారికి’ అన్న వరుసలో ఆడవారో మగవారో చెప్పే అక్షరం ఒక్కటీ లేదు, అయినా ఎవరూ దాన్ని చప్పని వాక్యం అనరు. ‘అధికారి’, ‘మేనేజర్’, ‘డైరెక్టర్’ లాంటివి ఉన్నవి ఉన్నట్టే పనికొస్తాయి. ‘చైర్మన్’ బదులు ‘అధ్యక్షులు’ అంటే సరి.

అసలు మనిషే ఉన్నారో, పదిమంది ఉన్న గది ఉందో కూడా తెలియనప్పుడు ‘వారు’ ఆదుకుంటుంది. ‘బ్యాంకు వారు’, ‘కాలేజీ వారు’, ‘పత్రిక వారు’ అని మనం రోజూ అంటూనే ఉంటాం. సంస్థ పేరు పక్కన ‘వారు’ చేర్చగానే ఆ గోడల వెనక మనుషులు కనిపిస్తారు. ‘సంబంధిత విభాగానికి’ అంటే ఉత్తరం బీరువాకు రాసినట్టుంటుంది. ‘దరఖాస్తుల విభాగం వారికి’ అంటే ఆ విభాగంలో పనిచేసేవారికి రాసినట్టుంటుంది. రెండింటికీ తేడా ఆ చిన్న మాటే. ‘ఇది ఎవరికి సంబంధించినదో వారికి’ అనే వాక్యం కూడా అప్పుడప్పుడు కనిపిస్తుంది. అది ఇంగ్లీషు వాక్యానికి తెలుగు బట్టలు తొడిగినట్టు ఉంటుంది. ఎవరైనా చదవడానికి వీలున్న ఉద్యోగ అనుభవ ధ్రువపత్రాల పైన తప్ప మరెక్కడా దాని అవసరం రాదు.

ఇదంతా ఒక సందర్భంలో పెట్టి చూస్తే తేలిగ్గా తెలుస్తుంది. స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పంపినవారు ఒకరున్నారు అనుకుందాం. పంపాక చూసుకుంటే మార్కుల పత్రంలో రెండో పేజీ అప్‌లోడ్ కాలేదు. ప్రకటన కింద ఒక మెయిల్ అడ్రసు ఉంది, పేరు లేదు. గాభరాలో వేళ్లు మొదట కొట్టేది దాదాపు ఇలా ఉంటుంది:

“డియర్ సర్, నేను స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేశాను. మార్కుల పత్రం రెండో పేజీ అప్‌లోడ్ కాలేదు. దయచేసి తగు చర్య తీసుకోగలరు.”

ఇందులో ‘సర్’ ఒక్కటే తప్పనుకుంటే పొరపాటు. దాన్ని ‘సర్/మేడమ్’ అని మార్చినా ఉత్తరం అంతే చల్లగా ఉంటుంది. ‘తగు చర్య తీసుకోగలరు’ అన్నది ఫైళ్ల భాష. ‘-గలరు’ అంటే చేసే శక్తి ఉందని చెప్పడం. ‘గమనించగలరు’, ‘పంపగలరు’ అని నోటీసుల్లో వాడి వాడి అది మర్యాదైన ఆజ్ఞగా మారిపోయింది. దాని చివర ప్రశ్నార్థకం పెడితే మళ్లీ ప్రాణం వస్తుంది. ‘పంపగలరు’ అన్నది ఆదేశం, ‘పంపగలరా?’ అన్నది అభ్యర్థన. పైగా ఏ చర్య కావాలో చెప్పకుండా ‘తగు చర్య’ అంటే, ఏం చేయాలో ఆలోచించే భారం కూడా చదివేవారి మీదే పడుతుంది. తెలియని మనిషి మీద భారం వేయడమే అసలైన అలక్ష్యం. పిలుపులో చూపిన మర్యాద దాన్ని కప్పలేదు.

కొంచెం తేరుకుని, మర్యాద పెంచాలనుకున్నప్పుడు అవతలి గట్టుకు వెళ్లిపోవడమూ ఉంది. ‘గౌరవనీయులైన అధికారి గారి దివ్యసముఖమునకు సవినయముగా విన్నవించుకొనునది ఏమనగా’ అని మొదలవుతుంది. ఇక్కడ ఆడామగా చిక్కు లేదు, భాష తప్పు కాదు. కానీ రాస్తున్న మనిషి ఈ వాక్యంలో ఎక్కడా కనిపించరు. చదివేవారు ఎవరో తెలియదన్న భయాన్ని మాటల బరువుతో దాచినట్టు ఉంటుంది. రోజుకు వంద మెయిళ్లు చూసేవారు ఆ వాక్యాన్ని చదవరు, దాటేసి విషయం కోసం వెతుకుతారు.

మూడోసారి రాస్తే ఇలా రావొచ్చు:

“దరఖాస్తుల విభాగం వారికి,

నమస్కారం.

నేను పంపిన స్కాలర్‌షిప్ దరఖాస్తులో మార్కుల పత్రం రెండో పేజీ జత కాలేదని ఈరోజే చూశాను. పత్రాల పరిశీలన మీరే చేస్తారని ప్రకటనలో ఉంది, అందుకే మీకు రాస్తున్నాను. ఆ పేజీని ఈ మెయిల్‌తో పంపుతున్నాను. దీన్ని నా దరఖాస్తులో చేర్చే వీలుందా? ఇది వేరొకరు చూసే పని అయితే, ఎవరికి రాయాలో చెప్పినా చాలు. దరఖాస్తు నంబరు కింద ఇచ్చాను.”

ఇందులో ఆప్యాయత కోసం ప్రత్యేకంగా వాడిన మాట ఒక్కటీ లేదు. అయినా చల్లగా లేదు. ‘పత్రాల పరిశీలన మీరే చేస్తారని ప్రకటనలో ఉంది’ అన్న వాక్యం వల్ల అది. పేరు తెలియకపోయినా, వారు చేసే పని ఏమిటో తెలుసుకుని రాశారని ఆ వాక్యం చెబుతుంది. మనిషిని గుర్తించడానికి పేరు ఒక దారి, పని మరో దారి. మొదటిది మూసుకుపోయినప్పుడు రెండోది వాడుకోవాలి. పిలుపులో లేని వెచ్చదనం మొదటి రెండు వాక్యాల్లో ఇలా వస్తుంది. పిలుపును ఎంత సాగదీసినా రానిది ఇది.

‘వేరొకరు చూసే పని అయితే’ అన్న వాక్యాన్ని కూడా గమనించాలి. తెలియని వారికి రాసేటప్పుడు తప్పు మనిషికి చేరే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. ఆ మాట ముందే ఒప్పుకుంటే, చదివిన వారు ‘ఇది నాది కాదు’ అని పక్కన పడేయకుండా ఒక్క వాక్యంతో దారి చూపించగలుగుతారు. అందులోని ‘వేరొకరు’ అన్న మాట కూడా ‘-రు’ కోవలోదే. ఒకడు, ఒకతె అని చెప్పాల్సిన పని లేకుండా ఒక్క మనిషిని సూచించే మాట ‘ఒకరు’. తెలుగు రాసేవారి చేతిలో ఇంతకంటే పనికొచ్చే చిన్న మాట లేదు.

మర్నాడు జవాబు వచ్చింది అనుకుందాం. “నమస్తే. మీరు పంపిన పేజీ అందింది, దరఖాస్తులో చేర్చాం” అని ఉంది, కింద ‘పి. చైతన్య’ అని సంతకం ఉంది. ఇప్పుడు పేరు తెలిసింది, ఆడా మగా మాత్రం తెలియలేదు. చైతన్య, కిరణ్, సాయి, ప్రసన్న, తేజ లాంటి పేర్లు మనలో ఇద్దరికీ ఉంటాయి. ‘లక్ష్మి’ అని కనిపించినా అది లక్ష్మీనారాయణకు కుదింపు అయ్యుండొచ్చు. తెలిసిన చైతన్య ఒకరు మగవారు కాబట్టి ఈ చైతన్య కూడా మగవారే అనుకుని ‘చైతన్య సర్’ అని రాసేయడం ఇక్కడ అందరూ చేసే పొరపాటు. నిజానికి ఊహించాల్సిన అవసరమే లేదు. ‘చైతన్య గారికి, నమస్తే’ అంటే పని అయిపోయింది. ఆ మనిషి ‘నమస్తే’ అని పలకరించారు కాబట్టి జవాబులోనూ ‘నమస్తే’ అనడం బాగుంటుంది. వారు మెట్టు దిగి మాట్లాడాక మనం ఇంకా ‘నమస్కారములు’ దగ్గరే నిలబడితే దూరం పెట్టినట్టు అవుతుంది.

‘గారు’ చేర్చేది పేరుకు, ఇంటిపేరుకు కాదు. ‘పి గారికి’ అని మనుషులు రాయరు గానీ మెషీన్లు రాస్తాయి. ఫారంలో మొదటి గడిలో ఇంటిపేరు అక్షరం ఉంటే, సాఫ్ట్‌వేర్ దాన్నే పేరనుకుని ‘ప్రియమైన పి’ అని పంపేస్తుంది. తెలుగువారికి తరచూ వచ్చే మెయిళ్లలో ఇదొకటి. ఒకేసారి ఎక్కువమందికి పంపేవారు గడిలో ఒక్క అక్షరమే ఉన్న వరుసలను వేరు చేసి, వాటికి పూర్తి పేరు వాడితే ఈ తప్పు పోతుంది.

చాట్‌లోనో చిన్న మెసేజ్‌లోనో అయితే ‘అండి’ని మించింది లేదు. ‘నమస్తే అండి, మీ మెసేజ్ చూశాను’ అంటే గౌరవం ఉంది, చనువు ఉంది, ఆడామగా ప్రస్తావన లేదు. పేరు తెలియకపోయినా అడ్డం రాదు. దరఖాస్తులో మాత్రం అది మరీ మాటల్లా ఉంటుంది, అక్కడ ‘గారికి’ మేలు.

ఇప్పుడు ఈ సంగతంతా ఇంకొకరికి చెప్పాల్సి వచ్చింది. సిఫారసు లేఖ ఇచ్చిన ప్రొఫెసర్‌కు జరిగింది తెలియజేయాలి. చిక్కు ఇక్కడ మళ్లీ తలెత్తుతుంది, ఎందుకంటే చైతన్య ఇప్పుడు ‘మీరు’ కాదు, మూడో మనిషి. ‘చైతన్య గారు జవాబిచ్చారు. ఆయన…’ అని చేయి దానంతటదే రాసేస్తుంది. ‘జవాబిచ్చారు’ వరకు ఏ ఊహా లేదు, ‘ఆయన’ దగ్గర జారింది. ‘ఆవిడ’ అన్నా అదే జారుడు. ‘వారు’ అంటే తప్పు లేదు, కానీ కొన్ని వాక్యాల్లో ఒక్కరా చాలామందా అన్న సందేహం వస్తుంది. ‘తను’ అన్న మాట ఇద్దరికీ సరిపోతుంది, మాటల్లో హాయిగా ఉంటుంది కూడా. అయితే అందులో చనువు పాలు ఎక్కువ, పరిచయం లేని అధికారికి నప్పదు.

తెలుగులో దీనికి ఇంకా తేలికైన దారి ఉంది. సర్వనామం రాయకుండా ఉండడమే. ‘పేజీ చేర్చామని చైతన్య గారు రాశారు. ఇక వేరే పత్రాలేమీ పంపనక్కర్లేదని కూడా చెప్పారు.’ రెండో వాక్యంలో కర్త లేరు, ఉండాల్సిన అవసరమూ లేదు. ‘చెప్పారు’ అన్న క్రియే ఆ మనిషిని మోస్తుంది. ఇంగ్లీషులో ఇలా వదిలేయడం కుదరదు, వాక్యానికి కర్త కావాలి. అందుకే అక్కడ ‘హీ’, ‘షీ’, ‘దే’ల గురించి అంత చర్చ. తెలుగులో రాస్తూ ప్రతి వాక్యానికీ ‘ఆయన’ తగిలించేవారు ఇంగ్లీషు వాక్యాన్ని మనసులో పెట్టుకుని రాస్తున్నారన్నమాట. ఇలాంటి సర్వనామాలు తీసేసి చదివితే వాక్యం తేలికపడుతుంది, ఊహ కూడా పోతుంది.

మెచ్చుకునేటప్పుడు ఇంకో చోట కాలు జారవచ్చు. ‘చైతన్య గారు చాలా సమర్థుడు’ అంటే గౌరవమూ దెబ్బతింది, ఊహా బయటపడింది. ‘సమర్థులు’, ‘మంచివారు’, ‘ఓపిక ఉన్నవారు’ అనాలి. లేదా గుణాన్ని కాకుండా చేసిన పనిని చెప్పాలి. ‘ఒక్కరోజులో జవాబిచ్చారు’ అన్నది ‘సమర్థులు’ కన్నా మంచి మెప్పు.

ఆఖరున సంతకం. ‘భవదీయుడు’, ‘విధేయురాలు’ అని రాయగానే రాసిన మనిషి ఎవరో తేలిపోతుంది. అవతలివారికి మన గురించి ఊహించే బాధ తప్పించాలనుకుంటే అది మంచిదే. చెప్పడం ఇష్టం లేనివారికి ‘కృతజ్ఞతలతో’ అని రాసి పూర్తి పేరు పెట్టే దారి ఉంది. ఇద్దరికీ ఉండే పేరున్నవారు తమ జవాబులో ఎవరో తెలిసేలా ఒక్క మాట పెడితే అవతలివారికి పని తేలికవుతుంది, కానీ అది వారి ఇష్టం. పెట్టలేదు కదా అని వారి ఫోటో కోసం సోషల్ మీడియాలో వెతకడం మాత్రం సరైన పని కాదు. ఒక పలకరింపు కోసం అంత దూరం తవ్వాల్సిన అవసరాన్ని ‘గారు’ ఎప్పుడో తీసేసింది.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా, ఇంగ్లీషులో రాయాల్సి వచ్చినప్పుడు ‘గారు’ చేతిలో ఉండదు. అక్కడ దగ్గరి దారి పూర్తి పేరు రాయడం. ‘డియర్ చైతన్య పి.’ అన్నది కాస్త బిగుసుకున్నట్టున్నా ఎవరినీ తప్పుగా పిలవదు. పేరే తెలియనప్పుడు ఉద్యోగానికైతే ‘డియర్ హైరింగ్ మేనేజర్’, మిగతా చోట్ల విభాగం పేరు, లేదా ‘హలో’ సరిపోతాయి. వారు ఒకసారి పేరు పెట్టి జవాబిచ్చాక, రెండో మెయిల్‌లో వారు సంతకం చేసిన పేరునే వాడాలి. అప్పటికీ హోదా పేరే పట్టుకుని వేలాడితే, వారి సంతకం చదవలేదని చెప్పినట్టే.

ఎంత చూసుకున్నా ఎప్పుడో ఒకసారి తప్పు జరుగుతుంది. ‘సర్’ అని రాస్తే, ‘నేను సర్ కాదండి, మేడమ్‌ని’ అని జవాబు వస్తుంది. అప్పుడు మూడు పేరాల క్షమాపణ రాస్తే, ఫరవాలేదని ఓదార్చే పని కూడా ఆవిడ మీదే పడుతుంది. ‘క్షమించండి చైతన్య గారూ, సరిచేసినందుకు కృతజ్ఞతలు’ అని ఒక్క వాక్యం రాసి, ఆ వెంటనే ఆవిడ ఏదైనా పత్రం అడిగి ఉంటే అది జతచేసి, దరఖాస్తు నంబరు మరోసారి కింద రాసి పంపాలి.